పదో తరగతి మెమోలో ఒకలా, ఆధార్‌లో ఇంకోలా: ఇంటిపేరు, ఇనీషియల్ చిక్కు విప్పుకోవడం ఎలా?

ప్రశ్న: నా పదో తరగతి, ఇంటర్ మెమోల్లో VEMURI LAKSHMI SRAVANTHI అని ఉంది. బీటెక్ మెమోల్లో, ప్రొవిజనల్‌లో V. LAKSHMI SRAVANTHI. ఆధార్‌లో Vemoori Sravanthi, దాని మీద తీసుకున్న పాన్‌లోనూ అదే. నాన్నగారి కాగితాలన్నిటిలో Vemoori అనే ఉంటుంది. పాస్‌పోర్టు ఇంకా తీసుకోలేదు. వచ్చే ఏడాది ఎమ్మెస్‌కి అమెరికా వెళ్దామనుకుంటున్నాను. ఏది ఉంచాలి, ఏది మార్చాలి, ముందు ఏది చేయాలి? గెజిట్ చేయించుకోమని ఒకరు, అఫిడవిట్ చాలని ఒకరు అంటున్నారు. (పేర్లు కొంచెం మార్చి రాశాను.)

జవాబు:

అమ్మా, కాలేజీ పరీక్షల విభాగంలో నేను ఇరవై ఏళ్లకు పైగా మెమోలు, ప్రొవిజనల్‌లు చూశాను. మీ కాగితాల్లో మూడు రకాల పేర్లు ఉన్నాయని మీరు కంగారు పడుతున్నారు గానీ, నా లెక్కలో తేడా ఉన్నది ఒక్క చోటే. అది ఆధార్. పాన్ దాని నకలు. మిగతావన్నీ ఒకే పేరు, రాసిన తీరు వేరు.

పేరులో తేడా మూడు విధాలుగా వస్తుంది. ఒకటి వరస: ఇంటిపేరు ముందా, వెనకా అన్నది. రెండోది కుదింపు: VEMURI బదులు V. ఈ రెండూ పెద్ద తేడాలు కావు. V. LAKSHMI SRAVANTHI అన్న మనిషి VEMURI LAKSHMI SRAVANTHI అయ్యే వీలుంది, ఆ రెండు కాగితాలూ ఒకదాన్నొకటి కాదనవు. మూడోదే అసలు తేడా: అక్షరాలు మారడం, పేరులో ఒక భాగమే లేకపోవడం. VEMURI, VEMOORI అని రెండున్నప్పుడు ఒకటి రెండోదాన్ని కాదంటుంది. LAKSHMI ఒక చోట ఉండి ఇంకో చోట లేకపోయినా అంతే. మీ ఆధార్‌లో ఈ రెండు దోషాలూ ఉన్నాయి. ఆధార్‌ని సరిచేస్తే మీ పని ముప్పాతిక అయినట్టే.

అయితే ఏ పేరుకి సరిచేయాలి? పదో తరగతి మెమోలో ఉన్న పేరుకి, ఒక్క అక్షరం తేడా లేకుండా. దీని మీద నాకు రెండో ఆలోచన లేదు. కారణం మెమో గొప్పదని కాదు, మార్చడం అన్నిటికన్నా కష్టమైనది అదే కాబట్టి. ఆధార్, పాన్, బ్యాంకు ఖాతా, పాస్‌పోర్టు దరఖాస్తు పెడితే మారతాయి. మెమోలో పేరు దిద్దాలంటే స్కూలు అడ్మిషన్ రిజిస్టరులో వేరుగా ఉందని చూపించాలి. అప్పుడు హెడ్మాస్టరు ద్వారా దరఖాస్తు ప్రభుత్వ పరీక్షల విభాగానికి వెళ్లాలి. రిజిస్టరులోనూ VEMURI అనే ఉంటే అక్కడ దిద్దడానికి తప్పేమీ లేనట్టే. కదలని రాయి ఏదో చూసుకుని దానికి తక్కినవి కట్టుకోవాలి. పైగా ఇంటర్ పేరు పదో తరగతి మెమో నుంచే వస్తుంది, డిగ్రీ పేరు దాని నుంచి వస్తుంది. యూపీఎస్సీ లాంటి నియామక సంస్థలు కూడా మెట్రిక్యులేషన్ సర్టిఫికెట్లో ఉన్నట్టే పేరు రాయమంటాయి.

నాన్నగారి కాగితాల్లో Vemoori ఉంది కాబట్టి మనమూ అలాగే మార్చుకుందాం అనిపించడం సహజం. వద్దు. వేమూరి అన్న మాటకి ఇంగ్లీషులో VEMURI ఎంత సరైనదో VEMOORI కూడా అంతే. మనవాళ్ల పేర్లలో ఈ చిక్కంతా ఇక్కడే పుడుతుంది. 'ఊ'కి u, oo రెండూ రాస్తాం. 'త'కి th రాసేవాళ్లున్నారు, t రాసేవాళ్లున్నారు. 'క్ష'కి ksh ఉంది, x ఉంది. స్రవంతిని Sravanti, Shravanthi అని రాసినా చదివేవాళ్లకి ఒకటే. కంప్యూటరుకి మాత్రం ఒకటి కాదు. ఒకే ఇంట్లో అన్నదమ్ముల ఇంటిపేరు రెండు స్పెల్లింగుల్లో ఉండటం మన దగ్గర కొత్తేమీ కాదు. తండ్రీ కూతుళ్ల ఇంటిపేరు అక్షరాలు కలవకపోతే ఒక చిన్న అఫిడవిట్‌తో పోతుంది. మీ కాగితాలు వాటిలో వాటికే కలవకపోతే ప్రతి మెట్టు దగ్గరా సంజాయిషీ చెప్పుకోవాలి. నాన్నగారి సంగతికి చివర్లో వస్తాను.

ముందు ఆధార్. పేరు మార్చుకునే అవకాశం జీవితంలో రెండుసార్లే ఇస్తారు, కాబట్టి ఇదివరకు ఎప్పుడైనా మార్చారేమో చూసుకోండి. మైఆధార్ పోర్టల్లో లాగిన్ అయితే అప్‌డేట్ చరిత్ర కనిపిస్తుంది. చిన్నప్పుడు ఇంట్లోవాళ్లు ఒకసారి దిద్దించి మర్చిపోయిన సందర్భాలు చూశాను.

ఇక్కడ చాలామంది ఒక సుడిలో పడతారు. ఆధార్లో పేరు మారాలంటే కొత్త పేరుతో, ఫొటోతో ఉన్న గుర్తింపు పత్రం కావాలి. ఆ పత్రాలేమో ఆధార్ చూసే ఇచ్చి ఉంటారు, పాత పేరే ఉంటుంది. మీ పాన్ సరిగ్గా అలాంటిదే, అది ఇక్కడ పనికిరాదు. ఓటరు కార్డు, డ్రైవింగ్ లైసెన్స్ లాంటివి గుర్తింపు పత్రాలుగా చెల్లుతాయి. వాటిలో ఏదైనా మెమోలో ఉన్నట్టే ఉందేమో ముందు చూడండి. కాలేజీ రోజుల్లో లైసెన్స్‌కి పదో తరగతి మెమో పెట్టి ఉంటే ఆ పేరే వచ్చి ఉండొచ్చు. ఏదీ లేకపోతే ఓటరు కార్డుతో మొదలుపెట్టడం నా సలహా. voters.eci.gov.in లో ఫారం 8 అనేది వివరాల సవరణ కోసం ఉన్నదే. దానికి పదో తరగతి మెమో జతచేసి పేరు సరిచేయించుకుని, ఆ కార్డుతో ఆధార్ కేంద్రానికి వెళ్లండి. ఒక మెట్టు ఎక్కువే, కానీ సుడి అక్కడ తెగుతుంది. ఏ పత్రాలు ఒప్పుకుంటారన్న జాబితాను యూఐడీఏఐ మారుస్తూ ఉంటుంది. వెళ్లే ముందు రోజు దాన్ని చూసుకుని వెళ్లండి, పక్కింటివాళ్లు ఏం తీసుకెళ్లారన్నది లెక్కలోకి తీసుకోవద్దు.

ఆధార్లో పేరుకి ఉన్నది ఒక్క గడే. ఇంటిపేరు వేరు, పేరు వేరు అని ఉండదు. కాబట్టి మెమోలో ఉన్న వరసలోనే Vemuri Lakshmi Sravanthi అని రాయించండి. ఇంటిపేరు వెనక్కి పెడితే మిగతా కంప్యూటర్లకి తేలిక అని కొందరంటారు, అందులో కొంత నిజం ఉంది. కానీ కేంద్రంలో ఆపరేటరు, తర్వాత పరిశీలించేవాళ్లు చూసేది పత్రంలో ఎలా ఉంటే అలా ఉందా అని. వరస మార్చి ఎందుకు కొత్త ప్రశ్న తెచ్చుకోవడం?

ఆపరేటరు టైపు చేశాక తెర మీ వైపు తిప్పి చూపిస్తారు. అక్కడ ఇంగ్లీషు ఒక్కటే చూసి తల ఊపేయొద్దు. కింద తెలుగులో కూడా పేరు ఉంటుంది, అది ఇంగ్లీషు నుంచి తనంతట తాను వచ్చేది. Sravanthi అని కొడితే 'స్రవంథి' అని రావచ్చు. అక్కడికక్కడే 'స్రవంతి' అని దిద్దించండి. LAKSHMI, SRAVANTHI మధ్య ఖాళీ ఉందో లేదో చూడండి. LAKSHMISRAVANTHI అని కలిసిపోతే అది వేరే పేరు కింద లెక్క. రసీదు చేతికి రాగానే ఇంకోసారి చదవండి. మా కాలేజీలో ఒక అమ్మాయి తన రెండు అవకాశాల్లో ఒకటి ఇలా రసీదు చదవకుండానే ఖర్చు చేసుకుంది. ఇంటిపేరు చివర ఒక అక్షరం ఎక్కువ పడింది, అంతే. దాన్ని దిద్దడానికి రెండోది కూడా అయిపోయింది.

తర్వాత పాన్. మీకున్నది ఆధార్ మీద తీసుకున్న తక్షణ ఇ-పాన్ అనుకుంటాను, అందుకే ఆధార్లో ఉన్న పేరు యథాతథంగా దిగింది. ఒకసారి మీ పాన్ నంబరులో ఐదో అక్షరం చూడండి. నాలుగో అక్షరం P ఉంటుంది, అంటే వ్యక్తి అని. ఐదో అక్షరం ఇంటిపేరు మొదటి అక్షరం. అది V అయితే మీ ఇంటిపేరు వేమూరి అని సరిగ్గానే అర్థం చేసుకున్నారు. S అయితే, వరసలో చివర ఉన్న మాటే ఇంటిపేరనుకుని 'స్రవంతి'ని మీ ఇంటిపేరు చేసేశారన్నమాట. మనవాళ్ల పాన్‌లలో ఈ తారుమారు చాలా మామూలు. S ఉన్నా భయపడక్కర్లేదు. పేరు సవరించినా నంబరు మారదు, ఆ అక్షరం అలాగే ఉండిపోతుంది, దాని వల్ల ఏ పనీ ఆగదు. కానీ రికార్డులో మీ పేరు ఏ గడిలో ఏం పడిందో చెప్పే ఆనవాలు అది.

పాన్ సవరణ దరఖాస్తులో ఇంటిపేరుకి, మొదటి పేరుకి, మధ్య పేరుకి వేరువేరు గడులుంటాయి. ఇంటిపేరు గడిలో VEMURI, మొదటి పేరులో LAKSHMI, మధ్య పేరులో SRAVANTHI. ఇంటిపేరులో గానీ మొదటి పేరులో గానీ ఇనీషియల్ రాయకూడదు, పూర్తిగా విప్పి రాయాలి. ఆధార్ మారిన తర్వాతే ఈ దరఖాస్తు పెట్టండి, ముందు పెడితే ఆధార్‌తో కలవక తిరిగి వస్తుంది. అలాగని నెలలు ఆగొద్దు. ఆధార్ ఒకలా, పాన్ ఒకలా ఉన్న మధ్యకాలం ఎంత తక్కువైతే అంత మంచిది. ఈ రెండూ అయ్యాక బ్యాంకుకి ఒక్కసారి వెళ్లి రెండు నకళ్లూ ఇచ్చి కేవైసీలో పేరు మార్పించుకోండి. విడివిడిగా రెండుసార్లు తిరగక్కర్లేదు.

ఇక పాస్‌పోర్టు. మీరు ఇంకా తీసుకోలేదన్నారు, నాకు వినగానే హాయిగా అనిపించిన మాట అదే. తప్పుగా తీసుకున్నాక దిద్దడం వేరు, మొదటే సరిగ్గా తీసుకోవడం వేరు. ఆధార్ మారేదాకా దీని జోలికి వెళ్లకండి.

పాస్‌పోర్టులో రెండే గడులు: ఒకటి గివెన్ నేమ్, రెండోది సర్‌నేమ్. ఇనీషియల్స్‌కి చోటు లేదు. మీరు సర్‌నేమ్‌లో VEMURI, గివెన్ నేమ్‌లో LAKSHMI SRAVANTHI అని రాయాలి. చెప్పడానికి ఇంతే. తప్పులు మాత్రం ఇక్కడే ఎక్కువ. మెమోలో మూడు మాటలూ ఒకే వరసలో ఉన్నాయి కదా అని మొత్తం పేరు గివెన్ నేమ్‌లోనే రాసేసి సర్‌నేమ్ ఖాళీగా వదిలేస్తారు. పాస్‌పోర్టు అలాగే వచ్చేస్తుంది, ఇక్కడున్నన్నాళ్లు ఏ ఇబ్బందీ తెలియదు. అమెరికా వీసా దరఖాస్తు డీఎస్-160 దగ్గర తెలుస్తుంది. సర్‌నేమ్ లేనివాళ్లు గివెన్ నేమ్ మొత్తాన్ని సర్‌నేమ్ గడిలోకి మార్చి, గివెన్ నేమ్‌లో FNU అని పెట్టాలి. మొదటి పేరు తెలియదు అని దానర్థం. వీసా మీద మీ పేరు FNU అయిపోతుంది. అక్కడికెళ్లాక ఇతర కార్డుల మీదికి కూడా అదే పాకే ప్రమాదం ఉంది. పేరు పిలిచే చోట 'ఎఫ్‌ఎన్‌యూ గారూ' అని పిలిపించుకున్నవాళ్లు ఉన్నారు. 2022 నవంబరులో యూఏఈ కూడా పాస్‌పోర్టులో ఒకే పేరు ఉన్న సందర్శకులని రానివ్వబోమని చెప్పి, తర్వాత రెండో పేజీలో తండ్రి పేరో కుటుంబ పేరో ఉంటే సరేనంది. ఒక గడి ఖాళీగా వదిలినందుకు ఇంత కథ.

సరిగ్గా రాస్తే మీ పాస్‌పోర్టు ఫొటో పేజీ అడుగున, యంత్రం చదివే రెండు వరసల్లో మొదటిది ఇలా ఉంటుంది:

```
P<INDVEMURI<<LAKSHMI<SRAVANTHI<<<<<<<<<<<<<<
```

IND తర్వాత ఇంటిపేరు, దాని వెనక రెండు గుర్తులు, అంటే ఇంటిపేరు అక్కడితో అయిపోయిందని. లక్ష్మికీ స్రవంతికీ మధ్య ఒకటే గుర్తు ఉంది, అంటే అది మామూలు ఖాళీ. వరస మొత్తం 44 అక్షరాలు, మిగిలిన చోటంతా ఆ గుర్తుతోనే నింపుతారు. ఎయిర్‌పోర్టులో యంత్రం చదివేది దీన్నే. పాస్‌పోర్టు చేతికి రాగానే పైన అచ్చయిన పేరుతో పాటు ఈ వరసలో రెండు గుర్తులు ఎక్కడ పడ్డాయో చూసుకోండి. VEMURI తర్వాత ఉంటే సరే.

ఇక్కడి నుంచి విదేశాల కోసం నింపే ప్రతి ఫారానికీ ఆధారం పాస్‌పోర్టే. అందుకే పాస్‌పోర్టు రాకముందు జీఆర్‌ఈ, టోఫెల్, ఐఈఎల్‌టీఎస్ వేటికీ డబ్బు కట్టొద్దు. పరీక్ష రోజు గుర్తింపు పత్రంతో పేరు పోల్చి చూస్తారు. పరీక్ష రాశాక స్కోరు మీద పేరు దిద్దించడం తలనొప్పి. యూనివర్సిటీ దరఖాస్తుల్లో ఫస్ట్, మిడిల్, లాస్ట్ అని మూడు గడులుంటే ఏం చేయాలని అందరూ అడుగుతారు. పాస్‌పోర్టులో మిడిల్ అనేదే లేదు. కాబట్టి ఫస్ట్‌లో LAKSHMI SRAVANTHI రెండు మాటలూ, లాస్ట్‌లో VEMURI రాసి, మిడిల్ ఖాళీగా వదిలేయండి. స్రవంతిని మిడిల్‌లోకి తోస్తే ఐ-20 లాంటి కాగితాల మీద LAKSHMI S. VEMURI అయ్యే అవకాశం ఉంది. పాన్‌లో అలా విడగొట్టాం కదా అంటే, అక్కడ ఫారం అడిగింది కాబట్టి విడగొట్టాం. అది ఇక్కడి లెక్క, అమెరికా వాళ్లు మీ పాన్ అడగరు.

డీఎస్-160లో ఇంకో ప్రశ్న ఉంటుంది, ఎప్పుడైనా వేరే పేరు వాడారా అని. నేనైతే అవునని చెప్పి, ఆధార్లో ఉన్న పాత పేరు రాసేస్తాను. పాత ఆధార్ నకలు, పాత బ్యాంకు కాగితం ఎక్కడో ఒక చోట ఉండనే ఉంటాయి. చెప్పినందువల్ల నష్టమేమీ లేదు, దాచితే అనుమానం వస్తుంది.

బీటెక్ మెమోల గురించి. వాటిని మార్చొద్దు. ఎనిమిది సెమిస్టర్ల మెమోల్లో ఇనీషియల్ విప్పించడానికి యూనివర్సిటీ చుట్టూ తిరగడం డబ్బు దండగ, కాలం దండగ. ముందే చెప్పినట్టు V. అన్నది VEMURIని కాదనదు. కానీ మీ చేతిలో ఒక మంచి అవకాశం ఉంది. మీ దగ్గరున్నది ప్రొవిజనలే, అసలు డిగ్రీ పట్టాకి ఇంకా దరఖాస్తు పెట్టి ఉండరు. ఆ దరఖాస్తులో పేరు అడిగే చోట పూర్తిగా VEMURI LAKSHMI SRAVANTHI అని రాసి, పదో తరగతి మెమో నకలు జతచేసి, పట్టా మీద ఇలాగే అచ్చేయమని ఒక చిన్న ఉత్తరం పెట్టండి. పరీక్షల విభాగంలో కూర్చున్న మా బోటివాళ్లం అడిగినవాళ్లకి చాలావరకు చేసేవాళ్లం. అడగకపోతే మెమోలో ఉన్న ఇనీషియలే పట్టా మీదికి వెళ్లిపోయేది. ట్రాన్స్‌క్రిప్టులు తీసుకునేటప్పుడు కూడా ఇదే ఉత్తరం పనికొస్తుంది. కుదరదంటే పట్టుబట్టకండి.

గెజిట్ వద్దని ఎందుకంటున్నానో చెప్తాను. గెజిట్‌లో వేయించుకోవడమంటే, ఫలానా పేరు గల నేను ఇక మీదట ఈ పేరుతో వ్యవహరిస్తానని ప్రకటించుకోవడం. అది పేరు మార్చుకునేవాళ్లకి. మీరు పేరు మార్చుకోవడం లేదు. పుట్టినప్పటి నుంచీ ఉన్న పేరునే ఒక కార్డులో తప్పు రాశారు, దాన్ని దిద్దించుకుంటున్నారు. గెజిట్ ఉన్నంత మాత్రాన పదో తరగతి మెమో మారదు. పైపెచ్చు రేపు ప్రతి చోటా 'పేరు మార్చుకున్నారా? ఎందుకు?' అన్న ప్రశ్నకి మీరే తలుపు తీసినట్టవుతుంది. పేరులో మాట పూర్తిగా మారినప్పుడు, మతం మారినప్పుడు, ఆధార్లో రెండు అవకాశాలూ అయిపోయి మూడోసారి కావాల్సి వచ్చినప్పుడు గెజిట్ దాకా వెళ్లాలి. మీ అప్‌డేట్ చరిత్రలో రెండూ అయిపోయినట్టు కనిపిస్తే మాత్రం నా ఈ మాట పక్కన పెట్టండి, అప్పుడు అదే దారి.

అఫిడవిట్ సంగతి వేరు. ఇద్దరుగా కనిపించే పేర్లు ఒకే మనిషివని నోటరీ ముందు ప్రమాణం చేసి ఇచ్చే కాగితం అది. వంతెన లాంటిది. ఏ రికార్డునీ మార్చదు, రెండు రికార్డుల మధ్య నడవడానికి పనికొస్తుంది. మీకిది ఒకటి కావాలి, పాత పేరుతో మిగిలిపోయే కాగితాల కోసం: పాత ఫీజు రసీదులు, పాత బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఇన్‌సూరెన్స్ పాలసీ లాంటివి. రాయించేటప్పుడు 'నా పేరు వివిధ పత్రాలలో వివిధ రకాలుగా ఉన్నది' అని గాలివాటంగా రాయించొద్దు. ఏ పత్రం, దాని నంబరు, తేదీ, అందులో పేరు అక్షరం పొల్లుపోకుండా ఎలా ఉందో విడివిడిగా రాయించండి. మూలమైన పేరు పదో తరగతి మెమోలోది అని స్పష్టంగా ఒక వాక్యం ఉండాలి. నోటరీల దగ్గర సిద్ధంగా ఉండే నమూనాలో ఈ వాక్యం సాధారణంగా ఉండదు, అడిగి రాయించుకోవాలి.

ఇక నాన్నగారు. ఆయన పేరు మీకు రెండు చోట్ల అవసరం పడుతుంది. మొదటిది, మీ పాస్‌పోర్టు చివరి పేజీలో తండ్రి పేరు. ఆయనకి పాస్‌పోర్టు ఉంటే అందులో ఉన్న అక్షరాలతోనే రాయండి, అంటే VEMOORI. లేకపోతే మీ పదో తరగతి మెమోలో తండ్రి పేరు ఎలా ఉంటే అలా. అందులో ఆయన ఇంటిపేరు కూడా VEMURI అనే ఉండి ఉంటుంది. ఇక్కడ కూడా ఇనీషియల్స్ విప్పే రాయాలి. V.V. అని పెట్టి పేరు రాయడం కుదరదు. రెండోది, మీ చదువు ఖర్చుకి ఆయన బ్యాంకు నిల్వ చూపించేటప్పుడు. బ్యాంకు ఉత్తరంలో ఆయన VEMOORI, కూతురు VEMURI. ఫలానా పాస్‌పోర్టు నంబరు గల VEMURI LAKSHMI SRAVANTHI నా కూతురు, మా ఇంటిపేరుని నా కాగితాల్లో VEMOORI అని రాస్తారు, రెండూ ఒక్కటే అని ఆయన పేరు మీద ఒక అఫిడవిట్ చేయించి స్పాన్సరు కాగితాలకి జతచేస్తే సరిపోతుంది. ఆయన ఆధార్, పాన్, ఇంటి దస్తావేజులు ఏవీ ముట్టుకోకండి. ఆయనకి ఆయన కాగితాలన్నీ కలుస్తున్నాయి.

సంతకం గురించి మీరు అడగలేదు కానీ తర్వాత అడుగుతారు. పేరు మారింది కదా అని సంతకం మార్చక్కర్లేదు. బీటెక్‌లో 'V. Lakshmi' అని పెట్టేవారైతే పాస్‌పోర్టు మీదా అదే పెట్టండి. సంతకం పేరులా ఉండాలన్న నియమం లేదు. బ్యాంకులో ఉన్న నమూనాతో కలిస్తే చాలు.

ఆధార్ అయ్యాక పాన్ దరఖాస్తు తిరిగి వస్తే, ఏ కారణం చూపించారో ఆ వాక్యం ఉన్నదున్నట్టు ఇక్కడ రాయండి, చూసి చెప్తాను.